నాలుగు చుక్కల తేడా: ఫొటోలోని ClF₃ ప్రశ్న

(ఇంటర్ విద్యార్థుల ముందు ఒక రసాయనశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి తెర కనిపిస్తోందా? ఆ కిటికీ తలుపు కాస్త దగ్గరికి వేయండి బాబూ, ఎండ నేరుగా తెర మీద పడుతోంది. ఆఁ, చాలు.

ఇది ఒక విద్యార్థి ఫోన్‌తో తీసి పంపిన ఫొటో. పైన అచ్చులో ప్రశ్న ఉంది: కింది అణువుకి లూయిస్ నిర్మాణం గీసి, దాని ఆకృతి, బంధ కోణాలు, ధ్రువత్వం కారణాలతో రాయండి. దాని పక్కన ఫార్ములా. కింద పెన్సిల్‌తో ఆ అబ్బాయి వేసుకున్న బొమ్మ. మధ్యలో ఒక పరమాణువు, మూడు వైపులా మూడు ఫ్లోరిన్లు, మధ్యలో 120 డిగ్రీలు అని రాశాడు. చివర్లో "సమతల త్రిభుజాకారం, అధ్రువ అణువు". పక్కన అచ్చులో ఉన్న జవాబేమో "T ఆకారం, ధ్రువ అణువు". జవాబు తప్పు అచ్చయిందా మేడమ్ అని అడుగుతున్నాడు. అచ్చు తప్పేమీ కాదు, జవాబు సరైనదే. ఇతను ఎక్కడ దారి తప్పాడో పట్టుకుందాం. గమ్మత్తేమిటంటే ఇతను ఆకృతి దగ్గర తప్పు చేయలేదు.

ముందు ఫార్ములా చదవండి. మూడో వరసలో ఎవరో "సి ఐ ఎఫ్ త్రీ" అన్నారు. అలా అనడంలో మీ తప్పేం లేదు. ఈ అచ్చు అక్షరాల్లో పెద్ద ఐ, చిన్న ఎల్ రెండూ ఒకే నిలువు గీత. ఫొటోలో అయితే అసలు తేడా తెలియదు. ఇది క్లోరిన్ ట్రైఫ్లోరైడా, లేక కార్బన్, అయొడిన్, మూడు ఫ్లోరిన్లా? నవ్వకండి, ఆ రెండోది కూడా నిజంగా ఉన్న పదార్థమే. ట్రైఫ్లోరో అయొడో మీథేన్ అంటారు, మంటలార్పడానికి వాడతారు. కార్బన్ మధ్యలో, చతుర్ముఖీయ ఆకృతి. అలా చదివితే వేలన్సీ ఎలక్ట్రాన్లు 4, 7, 21 కలిపి 32. క్లోరిన్ అని చదివితే 7, 21 కలిపి 28. రెండు లెక్కలూ చక్కగా కుదురుతాయి, అందుకే ప్రమాదం. తప్పు చదివినా మధ్యలో ఎక్కడా అడ్డు తగలదు.

మరి ఎలా తేల్చుకోవాలి? కార్బన్ సమ్మేళనమైతే దాన్ని CF₃I అని రాస్తారు, అయొడిన్‌ని మధ్యలో ఇరికించరు. కాబట్టి సి తర్వాత వెంటనే నిలువు గీత ఉంటే అది చిన్న ఎల్. అబ్బాయి పెన్సిల్ లెక్క కూడా చూడండి, మూలన సన్నగా "7 + 3×7 = 28" అని ఉంది. తను క్లోరిన్ అనే చదివాడు. మనమూ ClF₃ అనే తీసుకుందాం.

మొత్తం 28 అని సరిగ్గా వేసుకున్నాడు కదా. ఇప్పుడు బొమ్మలో ఉన్నవి లెక్కపెట్టండి. ఫొటో కాస్త పెద్దది చేస్తాను. మూడు గీతలు, అంటే మూడు బంధాలు, ఆరు ఎలక్ట్రాన్లు. ఒక్కో ఫ్లోరిన్ చుట్టూ ఆరు చుక్కలు, మూడింటికీ కలిపి పద్దెనిమిది. ఆరూ పద్దెనిమిదీ?

(సభలో: ఇరవై నాలుగు.)

ఇరవై నాలుగు. 28 అని రాసుకుని 24 గీశాడు. నాలుగు చుక్కలు లేవు. ఫొటోలో పెన్సిల్ గుర్తులు కనిపించకపోవడం మామూలే, ఫ్లాష్ వెలుగు పడితే సన్నటి చుక్కలు మాయమైపోతాయి. అందుకే నేను వెంటనే తప్పు అనలేదు. కానీ ఆ నాలుగూ ఉండి ఫొటోలో పోయి ఉంటే 120 అని రాసేవాడు కాదు. కాబట్టి అసలు పెట్టనే లేదు.

ఇప్పుడు ఈ 24 ఎలక్ట్రాన్ల బొమ్మ ఏ అణువుదో ఆలోచించండి. మధ్య పరమాణువు, మూడు ఫ్లోరిన్లు, మధ్యలో ఒంటరి జంటలు లేవు. మూడు ఫ్లోరిన్లకి 21 పోతే మధ్య పరమాణువు ఇచ్చింది మూడు. మూడు వేలన్సీ ఎలక్ట్రాన్లున్నది బోరాన్. అంటే ఇతను గీసింది BF₃. మధ్యలో క్లోరిన్ పేరు రాసి, బోరాన్ ట్రైఫ్లోరైడ్ బొమ్మ వేశాడు. ఆ బొమ్మకి సమతల త్రిభుజం, 120 డిగ్రీలు, అధ్రువం, మూడూ సరైన జవాబులే! ఆకృతి దగ్గర తప్పు చేయలేదు అన్నది అందుకే. తన బొమ్మకి తగిన ఆకృతే చెప్పాడు, బొమ్మే వేరే అణువుది.

ఇదే దారిలో NF₃ మధ్యలో ఉంటుంది. నైట్రోజన్‌కి 5, మొత్తం 26. BF₃కి 24, NF₃కి 26, ClF₃కి 28. మూడింటికీ ఫార్ములాలో మూడు ఫ్లోరిన్లే. మొదటిది చదునైన త్రిభుజం, రెండోది పిరమిడ్, మూడోది T. ఒక్కో జంట పెరిగినకొద్దీ ఆకృతి మారిపోతోంది. మూడు ఫ్లోరిన్లు కనబడగానే ఆకృతి చెప్పేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

ఎలక్ట్రాన్లు లెక్కపెట్టకుండా తప్పు పట్టుకునే ఇంకో దారి ఉంది, పరీక్షలో పది సెకన్లు కూడా పట్టదు. ఫార్మల్ ఛార్జ్ చూడండి. ఆ పరమాణువు వేలన్సీ ఎలక్ట్రాన్లలోంచి దాని సొంత చుక్కలు, దాని బంధాల సంఖ్య తీసేయాలి. అబ్బాయి బొమ్మలో క్లోరిన్‌కి 7 లోంచి చుక్కలు సున్నా, బంధాలు మూడు తీస్తే +4. ఫ్లోరిన్లకి 7 లోంచి 6, 1 తీస్తే సున్నా. అన్నీ కలిపితే +4. ఆవేశం లేని అణువుకి +4 ఎలా వస్తుంది? రాదు. అంటే నాలుగు ఎలక్ట్రాన్లు ఎక్కడో పోయాయి. కచ్చితంగా ఎన్ని పోయాయో కూడా ఆ అంకె చెప్పేస్తోంది.

సరే, ఆ నాలుగింటినీ పెడదాం. ఫ్లోరిన్ల మీద పెట్టలేం, వాటికి ఎనిమిదీ నిండాయి. రెండో పీరియడ్‌లోని ఫ్లోరిన్ ఎనిమిది దాటదు. ఇక మిగిలింది క్లోరిన్. దాని మీద రెండు ఒంటరి జంటలు పెట్టండి. ఆ అమ్మాయి చెయ్యెత్తింది, అడుగమ్మా.

(విద్యార్థిని: మేడమ్, ఆ నాలుగింటినీ ద్విబంధాలుగా పెట్టకూడదా?)

మంచి ప్రశ్న. ద్విబంధం ఎప్పుడు వేస్తాం? ఎలక్ట్రాన్లు చాలనప్పుడు, ఉన్నవాటినే ఇద్దరూ పంచుకోవడానికి. ఇక్కడ చాలకపోవడం కాదు, మిగిలాయి. మిగిలినవి ద్విబంధంలో పెడితే ఫ్లోరిన్ చుట్టూ పది అవుతాయి. పోనీ ఫ్లోరిన్ చుక్కలు తగ్గించి వేశావనుకో, అప్పుడు ఫ్లోరిన్‌కి ఫార్మల్ ఛార్జ్ 7 లోంచి 4, 2 తీస్తే +1. ఎలక్ట్రాన్లని అందరికంటే గట్టిగా లాక్కునే మూలకం మీద ధనావేశం పెట్టడం కుదిరే పని కాదు. రెండు జంటలూ క్లోరిన్ మీదే ఉండాలి. ఇప్పుడు క్లోరిన్ ఫార్మల్ ఛార్జ్ 7 లోంచి 4, 3 తీస్తే సున్నా. అన్నీ సున్నా. లూయిస్ నిర్మాణం పూర్తయింది.

క్లోరిన్ చుట్టూ పది ఎలక్ట్రాన్లు వచ్చాయని కంగారు పడకండి. క్లోరిన్ మూడో పీరియడ్‌ది, పెద్ద పరమాణువు, చుట్టూ నాలుగు జంటలకి మించి పట్టేంత చోటు ఉంది. ఆక్టెట్ నియమం కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్‌ల దగ్గర గట్టిగా నిలబడుతుంది, కింది పీరియడ్లలో సడలుతుంది. లూయిస్ 1916లో ఈ ఎలక్ట్రాన్ జంట ఆలోచనని ముందుకు తెచ్చారు. ఈ జంటల సంఖ్యని బట్టి ఆకృతి చెప్పొచ్చని 1940లో సిడ్జ్‌విక్, పావెల్ అన్నారు. 1957లో గిలెస్పీ, నైహోమ్ దాన్ని పద్ధతిగా తీర్చిదిద్దారు. మీరు పాఠంలో చదివే వీఎస్ఈపీఆర్ అదే. పేర్లు ఇంతటితో చాలు.

ఇప్పుడు క్లోరిన్ చుట్టూ ఐదు జంటలు. మూడు బంధ జంటలు, రెండు ఒంటరి జంటలు. ఐదు జంటలు ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండాలంటే త్రికోణీయ ద్విపిరమిడ్. దీన్ని కాగితం మీద చూస్తే బుర్రకెక్కదు. అందుకే ఈ బంగాళదుంప, చీపురు పుల్లలు తెచ్చాను. చూడండి, దుంప నడుము చుట్టూ మూడు పుల్లలు గుచ్చుతున్నాను, ఒకదానికొకటి 120 డిగ్రీల్లో. ఇవి ఈక్వటోరియల్ స్థానాలు. ఇప్పుడు పైన ఒకటి, కింద ఒకటి. ఇవి ఏక్సియల్. పైపుల్లకి, నడుము పుల్లకి మధ్య 90 డిగ్రీలు.

ఈ దుంపని అటూ ఇటూ పంపిస్తాను, చేత్తో తిప్పి చూసుకోండి. మీరు గమనించాల్సింది ఒక్కటే. ఐదు స్థానాలూ సమానం కాదు. పైపుల్ల పక్కన 90 డిగ్రీల దూరంలో ఎన్ని ఉన్నాయి? మూడు. నడుము పుల్ల పక్కన 90 డిగ్రీల్లో? పైదీ కిందదీ, రెండే. మిగతా రెండూ 120 దూరంలో ఉన్నాయి. అంటే నడుము దగ్గర చోటు కాస్త ఎక్కువ. చతుర్ముఖిలో, అష్టముఖిలో ఈ తేడా ఉండదు, అక్కడ అన్ని మూలలూ ఒకటే. ఐదు జంటల దగ్గర మాత్రమే "ఎవరు ఎక్కడ కూర్చోవాలి" అన్న పేచీ మొదటి జంట నుంచే వస్తుంది. పరీక్షల్లో ClF₃, SF₄ పదేపదే అడగడానికి కారణం అదే.

ఒంటరి జంట ఒక్క కేంద్రకం పట్టులోనే ఉంటుంది కాబట్టి అది మధ్య పరమాణువు చుట్టూ వెడల్పుగా పరచుకుంటుంది. బంధ జంటని అవతల ఫ్లోరిన్ కూడా లాగుతుంది, అందుకే సన్నబడుతుంది. వికర్షణలో ఒంటరి-ఒంటరి అన్నిటికంటే ఎక్కువ, తర్వాత ఒంటరి-బంధ, చివరికి బంధ-బంధ. ఇది మీకు వచ్చు. దీన్ని వాడటం ఎలాగో చూద్దాం.

రెండు ఒంటరి జంటల్ని ఐదు చోట్లలో పెట్టే పద్ధతులు మూడే. రెండూ ఏక్సియల్‌లో పెట్టొచ్చు. ఒకటి ఏక్సియల్, ఒకటి ఈక్వటోరియల్ పెట్టొచ్చు. రెండూ ఈక్వటోరియల్‌లో పెట్టొచ్చు. ప్రతి దాంట్లో 90 డిగ్రీల్లో ఎదురుపడే జంటల్ని మాత్రం లెక్కపెడదాం. 120 దాటితే వికర్షణ బాగా తగ్గిపోతుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

రెండూ ఏక్సియల్ అయితే, పైన ఒంటరి జంట నడుములోని మూడు బంధాలతో 90లో ఉంటుంది, కిందదీ అంతే. ఒంటరి-బంధ ఆరు. మిగతావేం లేవు. ఇది వస్తే అణువు అబ్బాయి చెప్పినట్టు చదునైన త్రిభుజమే అవుతుంది. అంటే ఐదు జంటలున్నా త్రిభుజం రావడానికి ఒక దారి ఉంది, అది ఎందుకు కుదరదో చూపించకపోతే జవాబు పూర్తి కాదు.

ఒకటి పైన, ఒకటి నడుములో పెడితే ఆ రెండు ఒంటరి జంటలే 90లో ఎదురెదురు పడతాయి. అన్నిటికంటే చెడ్డది అదే, ఒక్కటి ఉన్నా ఆ అమరికని తీసేయొచ్చు. రెండూ నడుములో పెడితే వాటి మధ్య 120, కాబట్టి ఒంటరి-ఒంటరి సున్నా. ఒక్కో ఒంటరి జంట పైదాంతో, కిందదాంతో, అలా ఒంటరి-బంధ నాలుగు. నడుములో మిగిలిన ఒక్క బంధం పైనా కిందా ఉన్న బంధాలతో, బంధ-బంధ రెండు.

ఇప్పుడు పోటీ మొదటిదానికీ మూడోదానికీ. అక్కడ ఒంటరి-బంధ ఆరు. ఇక్కడ ఒంటరి-బంధ నాలుగు, బంధ-బంధ రెండు. మొత్తం రెండు చోట్లా ఆరే. కానీ మూడో దాంట్లో రెండు గట్టి వికర్షణల స్థానంలో రెండు మెత్తని వికర్షణలు వచ్చాయి. అందుకే మూడోది గెలిచింది. జవాబులో మీరు రాయాల్సిన కారణం ఈ నాలుగు వాక్యాలే. "ఒంటరి జంటలు ఎప్పుడూ ఈక్వటోరియల్‌లోనే ఉంటాయి" అని బట్టీ పట్టి రాస్తే మార్కు రావచ్చు గానీ, కారణం అడిగిన ప్రశ్నకి అది కారణం కాదు.

దుంప ఎక్కడుంది? ఇటివ్వండి. నడుములో రెండు పుల్లలకి కాగితం ముక్కలు చుడుతున్నాను, అవి ఒంటరి జంటలు. మిగిలిన మూడు పుల్లలు చూడండి. పైన, కింద, పక్కకి ఒకటి. పక్కకి తిప్పితే T. ఆకృతి చెప్పేటప్పుడు కేంద్రకాలున్న చోట్లే చూస్తాం, ఒంటరి జంటల్ని చూడం. కొందరు "ఆకృతి: త్రికోణీయ ద్విపిరమిడ్" అని రాస్తారు. అది ఎలక్ట్రాన్ జంటల అమరిక, అణువు ఆకృతి కాదు. ప్రశ్నలో రెండూ అడిగితే రెండూ విడివిడిగా రాయండి. నాలుగు పరమాణువులూ ఒకే తలంలో ఉన్నాయని కూడా గమనించండి. అంటే ఇదీ సమతల అణువే. సమతలం అన్న మాట ఒక్కటే రాస్తే BF₃తో తేడా తెలియదు.

కోణాలకి వద్దాం. T అనగానే 90, 180 అని రాసేస్తారు. ఆ నడుములోని రెండు ఒంటరి జంటలూ ఊరుకుంటాయా? అవి పైబంధాన్నీ కింది బంధాన్నీ తమ నుంచి దూరంగా నెడతాయి. దూరంగా అంటే ఎటు? మూడో ఫ్లోరిన్ ఉన్న వైపు. కాబట్టి పైదీ కిందదీ ఆ ఫ్లోరిన్ వైపు కొంచెం వంగుతాయి. 90 తగ్గుతుంది. కొలిచిన విలువ 87.5 డిగ్రీలు. పైనా కిందా ఉన్న ఫ్లోరిన్ల మధ్య 175.

ఈ 87.5ని వీఎస్ఈపీఆర్ చెప్పలేదు, ఇది గుర్తుంచుకోండి. ఆ పద్ధతి చెప్పేది "90 కంటే కొంచెం తక్కువ" అని మాత్రమే. అంకె ప్రయోగంలోంచి వస్తుంది. అందుకే జవాబులో "90° కంటే కొద్దిగా తక్కువ" అని కారణంతో రాస్తే సరిపోతుంది, అంకె గుర్తుంటే పక్కన వేయండి. అంకె మాత్రం వేసి, ఎటు వంగిందో రాయనివాళ్ళు సగమే చెప్పినట్టు.

బంధాల పొడవులు కూడా ఈ కథని బలపరుస్తాయి. పక్కకున్న ఫ్లోరిన్ దూరం సుమారు 160 పికోమీటర్లు. పైనా కిందా ఉన్నవి సుమారు 170. 90 డిగ్రీల్లో ఎక్కువ మందితో ఎదురుపడే బంధాలు కాస్త పొడవయ్యాయి. అబ్బాయి చెప్పిన త్రిభుజమే నిజమైతే మూడు పొడవులూ ఒకటే రావాలి.

ఇక ధ్రువత్వం. ఫ్లోరిన్ రుణవిద్యుదాత్మకత 3.98, క్లోరిన్‌ది 3.16. ప్రతి బంధంలోనూ ఎలక్ట్రాన్లు ఫ్లోరిన్ వైపు జరుగుతాయి. బంధాలు ధ్రువమైనవి అని చెప్పడం తేలిక, అసలు ప్రశ్న అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయా అన్నది. BF₃లో మూడూ 120లో ఉండి పూర్తిగా రద్దవుతాయి, ద్విధ్రువ భ్రామకం సున్నా.

ఇక్కడ పైదీ కిందదీ దాదాపు ఎదురెదురు. ఒక్కో బంధానికి m అనుకుంటే, అవి రెండూ కలిసి పక్కఫ్లోరిన్ వైపు 2m cos 87.5°, అంటే సుమారు 0.09 m మాత్రమే మిగులుస్తాయి. దానికి పక్కబంధం m కలిపితే 1.09 m. దిశ పక్కఫ్లోరిన్ వైపు. రద్దు కాలేదు, కాబట్టి ధ్రువ అణువు. ఇంతవరకూ రాస్తే జవాబు అయిపోయినట్టే.

కానీ ఒక అడుగు ముందుకేద్దాం. ClF అనే రెండు పరమాణువుల అణువుకి కొలిచిన భ్రామకం సుమారు 0.89 డిబై. దాన్ని m స్థానంలో పెడితే ClF₃కి దాదాపు 0.97 రావాలి. ఇది ఉజ్జాయింపే, రెండు అణువుల్లో బంధాలు ఒకే రకం కాదు. కొలిస్తే వచ్చేది సుమారు 0.6. ఎందుకు తగ్గింది? పక్కఫ్లోరిన్‌కి అవతలి వైపు ఏమున్నాయి? ఆ రెండు ఒంటరి జంటలు. ఎలక్ట్రాన్లు గుంపుగా అటు పోగుపడ్డాయి కాబట్టి వాటి వాటా ఎదురు దిశలో ఉంటుంది, బంధాల వాటాలో కొంత తినేస్తుంది. ఇదే విషయం NF₃లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అమ్మోనియాకి 1.47 డిబై ఉంటే NF₃కి 0.23 మాత్రమే. అమ్మోనియాలో బంధాల భ్రామకాలూ ఒంటరి జంటా ఒకే వైపు, NF₃లో ఎదురెదురు. ఈ పోలిక పాఠంలో ఉంది, మీరు చదివే ఉంటారు. ClF₃కి అదే తర్కం వాడొచ్చని మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు.

(విద్యార్థి: మేడమ్, నిజంగా T అని ఎలా తెలిసింది? ఎవరైనా చూశారా?)

చూడటం అంటే కంటితో కాదు. ClF₃ వాయువు మీద మైక్రోవేవ్ తరంగాలు పంపిస్తారు. అణువు గిరగిరా తిరిగే వేగం ఆ తరంగాలకి స్పందించాలంటే అణువుకి శాశ్వత ద్విధ్రువం ఉండాలి. లేకపోతే మైక్రోవేవ్ వర్ణపటమే రాదు. BF₃ లాంటి చదునైన త్రిభుజం అయితే గీతలేవీ కనబడవు. 1953లో స్మిత్ అనే శాస్త్రవేత్త ClF₃ మైక్రోవేవ్ వర్ణపటం నుంచి ఈ కోణాన్నీ పొడవుల్నీ లెక్కకట్టారు. వర్ణపటం వచ్చిందంటేనే అబ్బాయి చెప్పిన అధ్రువ త్రిభుజం పోయింది. గీతల మధ్య దూరాలు చూసి మిగతాది తేల్చారు. అదే సంవత్సరం దాని స్ఫటికం మీద ఎక్స్‌రే పని కూడా వచ్చింది, అక్కడా T ఆకారమే.

మన లాబ్‌లో ఈ వాయువుని ఎవరూ తీసి చూపించరు, అడగకండి. దాదాపు 12 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, నీటితో భయంకరంగా చర్య జరుపుతుంది. చిప్‌లు తయారుచేసే కర్మాగారాల్లో గదుల లోపలి గోడలకి పట్టిన పూతని తొలగించడానికి వాడతారు. అంతకుమించి దీనికి దూరంగా ఉండటమే మేలు.

ఇంకెవరో sp³d గురించి అడిగారు. పరీక్షలో క్లోరిన్ సంకరీకరణం అడిగితే sp³d అని రాయండి, అదే జవాబు. అయితే ఈ కాలపు లెక్కల్లో d ఆర్బిటాళ్ళ పాత్ర చాలా తక్కువని తేలింది. పైనా కిందా ఉన్న రెండు ఫ్లోరిన్లూ, మధ్య క్లోరినూ కలిసి నాలుగు ఎలక్ట్రాన్లతో బంధం ఏర్పరచుకుంటాయని చెప్తారు. ఆ రెండు బంధాలూ పొడవుగా ఉండటానికి ఆ వివరణ బాగా నప్పుతుంది. డిగ్రీలో వస్తుంది, ఇప్పుడు తల బద్దలు కొట్టుకోకండి. sp³d అన్నది ఆకృతి తెలిశాక దానికి పెట్టే పేరు. ముందు sp³d అని రాసి దాన్నుంచి ఆకృతి తీసుకురావాలని చూసేవాళ్ళు తలకిందులుగా నడుస్తున్నారు.

ఆ అబ్బాయి పేజీలో ఇదే ప్రశ్నకి రెండో భాగం ఉంది. BrF₃ ద్రవంలో రెండు BrF₃ అణువులు కలిసి BrF₂⁺, BrF₄⁻ అయాన్లుగా కొద్దిగా విడిపోతాయి, వాటి ఆకృతులు చెప్పమంటోంది. BrF₃ ఆకృతి అదే T, కోణం 86 డిగ్రీల దగ్గర. అయాన్లు బోర్డు మీద మీరే చేయండి. రా బాబూ, నువ్వు రా.

(విద్యార్థి బోర్డు మీద రాస్తూ: BrF₂⁺కి 7, 14 కలిపి 21, ధనావేశం కాబట్టి ఒకటి తీస్తే 20. బంధాలకి 4, ఫ్లోరిన్లకి 12, మిగిలింది 4. రెండు ఒంటరి జంటలు.)

సరే. మొత్తం ఎన్ని జంటలు? నాలుగు. కాబట్టి అమరిక చతుర్ముఖి, ఆకృతి వంగినది, నీటి అణువులాగా. కోణం 109.5 కంటే తక్కువ. ఇప్పుడు రెండోది.

(విద్యార్థి: BrF₄⁻కి 7, 28, ఇంకొకటి కలిపితే 36. బంధాలకి 8, ఫ్లోరిన్లకి 24. మళ్ళీ 4 మిగిలాయి, రెండు ఒంటరి జంటలు.)

మూడింట్లోనూ రెండు ఒంటరి జంటలే, ఆకృతులు మాత్రం మూడు రకాలు. ఇక్కడ మొత్తం ఆరు జంటలు, అష్టముఖి. ఇందాక రెండు ఒంటరి జంటల్ని నడుములో 120లో కూర్చోబెట్టాం. ఇక్కడ ఎక్కడ పెడతావు? నడుములోనే అంటే ఒప్పుకోను. అష్టముఖిలో ఆరు మూలలూ సమానం, నడుము అంటూ వేరే లేదు. ఏ రెండు మూలలు తీసుకున్నా వాటి మధ్య 90 అయినా ఉంటుంది, 180 అయినా ఉంటుంది. 120 లేదు. ఒంటరి జంటలు రెండూ 90లో ఎదురుపడకుండా ఉండాలంటే 180లో, ఒకదానికొకటి నేరుగా ఎదురుగా పెట్టాలి. అప్పుడు నాలుగు ఫ్లోరిన్లూ ఒకే తలంలో, చతురస్ర సమతలం, కోణాలు 90. ఈసారి కచ్చితంగా 90, ఎందుకంటే పైదీ కిందదీ సమానంగా నొక్కుతాయి కాబట్టి బంధాలు ఏ వైపూ వంగవు.

ఇక మీ ప్రశ్నలు. దుంప ఇంకా కావాలన్నవాళ్ళు ముందుకి రండి.